అన్నీ నార్మలే, మరి ఎందుకు నిలవడం లేదు?

(సంతానం కోసం ఎదురుచూస్తున్న దంపతుల అవగాహన సభలో ఒక స్త్రీవైద్య నిపుణురాలి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడతాను.

నా గదిలోకి వచ్చే జంటల్లో కొందరి ఫైలు చాలా లావుగా ఉంటుంది. లోపల ప్రతి కాగితం చివరా ఒకటే మాట, నార్మల్. ఆ ఫైలు టేబుల్ మీద పెట్టి వాళ్లు అడిగే మొదటి ప్రశ్న కూడా దాదాపు ఒకటే: "అన్నీ నార్మల్ అయితే మరి ఎందుకు నిలవడం లేదు డాక్టర్?" ఏదో ఒక లోపం బయటపడి ఉంటే బాగుండేదని బాధపడేవాళ్లనీ చూశాను. లోపం ఉంటే దానికో మందు ఉంటుంది కదా, నార్మల్‌కి మందేమిటి అని వాళ్ల బాధ.

ఈ పరిస్థితికి మేం పెట్టుకున్న పేరు కారణం తెలియని సంతానలేమి. ఒక ఏడాది ప్రయత్నించాక కూడా గర్భం రాని జంటల్లో దాదాపు 30 శాతం వరకు ఈ కోవలోకే వస్తారు. ఈ పేరు పెట్టే ముందు మేం మూడు విషయాలు చూస్తాం. నెలనెలా అండం విడుదలవుతోందా, ఫెలోపియన్ ట్యూబులు తెరుచుకుని ఉన్నాయా, వీర్యంలో కదిలే కణాలు సరిపడా ఉన్నాయా. మూడింటికీ అవునని జవాబు వస్తే, మా దగ్గరున్న మామూలు పరీక్షలు అక్కడితో అయిపోయినట్టే.

అయితే ఆ పరీక్షలు చెప్పనివి చాలా ఉన్నాయి. ఎక్స్‌రే తీస్తూ పంపిన మందు ట్యూబులోంచి అవతలికి కారిందంటే దారి తెరిచి ఉందని తెలుస్తుంది. ఆ ట్యూబు చివరి కుచ్చు అండాన్ని పట్టుకుందో లేదో ఎక్స్‌రేలో కనిపించదు. వీర్యకణాలు చురుగ్గా ఈదుతున్నాయని మైక్రోస్కోపు చెబుతుంది. అండం పొరను అవి ఛేదించగలవా అన్నది అది చెప్పదు. పిండం నాలుగో రోజునో ఐదో రోజునో ఎదగడం మానేసి ఉంటే, మీకు నెలసరి మామూలుగానే వస్తుంది, మాకు ఏమీ తెలియదు. అందుకే కారణం తెలియదంటే కారణం లేదని కాదు, మా పరీక్షలకు అందలేదని.

ఇంకొక రకం వాళ్లూ ఇందులోనే కలిసిపోయి ఉంటారు. అసలు ఏ లోపమూ లేనివాళ్లు. వాళ్లకి ఇంకా కలిసిరాలేదు, అంతే. పూర్తి ఆరోగ్యంగా ఉన్న జంటకు కూడా ఒక నెలలో గర్భం వచ్చే అవకాశం నాలుగో వంతో ఐదో వంతో. 100 జంటలు ప్రయత్నం మొదలుపెడితే ఏడాదిలో సుమారు 84 మందికి నిలుస్తుంది. మిగిలిన 16 మందిలో దాదాపు సగం మందికి రెండో ఏడాదిలో, ఏ వైద్యమూ లేకుండానే నిలుస్తుంది. కాబట్టి ఏడాది దాటిన జంట నా ముందు కూర్చున్నప్పుడు, వీళ్లు రెండో ఏడాదిలో నిలిచే ఎనిమిది మందిలోని వాళ్లా, మిగిలిపోయే ఎనిమిది మందిలోని వాళ్లా అన్నది నాకు తెలియదు. రిపోర్టులు రెండు రకాల వాళ్లకీ ఒకలాగే ఉంటాయి.

ఎంత కాలం ఆగాలి అన్న ప్రశ్న ఇక్కడినుంచే పుడుతుంది. మూడు మెట్లూ మీకు తెలిసినవే. ఇంట్లోనే సరైన రోజుల్లో కలవడం, తర్వాత ఐయూఐ, అంటే వీర్యాన్ని గొట్టంతో గర్భాశయంలోకి వదలడం, తర్వాత ఐవీఎఫ్, అంటే అండాన్ని ల్యాబ్‌లో ఫలదీకరణ చేయించి పిండాన్ని గర్భాశయంలో పెట్టడం. ఏ మెట్టు మీద ఎన్నాళ్లు ఉండాలో మాత్రం ఒక జంటను చూసి ఇంకో జంటకు చెప్పలేం. నేను చూసిన రెండు జంటల సంగతి చెబుతాను. ఎవరూ గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను.

మొదటి జంటలో ఆవిడకి 31 ఏళ్లు, ఆయనకి 34. ఇరవై నెలలుగా ప్రయత్నం. నెలసరి 29 రోజులకోసారి, గడియారంలాగా. ట్యూబులు తెరిచే ఉన్నాయి, వీర్యపరీక్ష బాగుంది. ఇదివరకు చూసిన చోట ఐవీఎఫ్ చేయించుకోమన్నారట. "ఇక ఆలస్యం ఎందుకు, మొదలుపెట్టేద్దాం" అని వచ్చారు.

నేను ఆయన్ని ఏం ఉద్యోగం అని అడిగాను. మూడు వారాలు బయట పని, ఒక వారం ఇల్లు. ఏళ్లుగా అదే పద్ధతి.

ఆవిడ ఫోన్లో ప్రతి నెలసరి తేదీ ఉంది. ఆయన దగ్గర డ్యూటీ తేదీలున్నాయి. ఒక కాగితం మీద రెండూ పక్కపక్కన రాశాం. ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, ఓపిగ్గా వినండి. అండం విడుదలయ్యాక అది బతికేది ఒక రోజు లోపే. వీర్యకణాలు మాత్రం స్త్రీ శరీరంలో ఐదు రోజుల వరకు బతకగలవు. కాబట్టి గర్భం నిలిచే రోజులు నెలకి ఆరే: అండం విడుదలైన రోజు, దాని ముందు ఐదు రోజులు. 221 మంది స్త్రీలను గమనించి 1995లో ప్రచురించిన ఒక అధ్యయనంలో గర్భాలన్నీ ఆ ఆరు రోజుల కలయికలతోనే వచ్చాయి. విడుదలైన మర్నాటి కలయికతో ఒక్కటీ రాలేదు.

ఆవిడకి 29 రోజుల చక్రం కాబట్టి అండం సుమారు 15వ రోజున విడుదలవుతుంది. అంటే పనికొచ్చేవి 10 నుంచి 15వ రోజు వరకు. ఆయన ఇంటికి వచ్చేది 28 రోజులకోసారి. ఒక్క రోజే తేడా. కానీ ఆ ఒక్క రోజు తేడా వల్ల ఆవిడ ఆరు రోజులు ఆయన సెలవు వారంతో పోలిస్తే ప్రతి నెలా ఒక రోజు ఆలస్యమవుతూ పోయాయి. కాగితం మీద గీతలు గీసుకుంటూ వెళితే, 20 నెలల్లో ఎనిమిది నెలలు ఆ ఆరు రోజుల్లో ఒక్క రోజు కూడా ఆయన ఇంట్లో లేరు. మరో నాలుగు నెలల్లో ఒకటో రెండో రోజులు మాత్రమే ఉన్నారు. బాగా కుదిరింది ఎనిమిది నెలలు.

ఆవిడ ఆ కాగితం కేసి చూసి నవ్వేశారు. "ఇరవై నెలలు అనుకుంటున్నాం డాక్టర్, మేం ప్రయత్నించింది ఎనిమిదా?" అన్నారు.

వాళ్ల ఫైలు మీద కారణం తెలియని సంతానలేమి అని రాసి ఉంది. ఏడాది ప్రయత్నమే పూర్తి కాలేదు. ఈ తప్పు మీరు అనుకునే దానికంటే ఎక్కువ. అందరికీ 14వ రోజే అనుకోవడం ఇంకో రకం తప్పు. 35 రోజుల చక్రం ఉన్నవాళ్లకి అండం సుమారు 21వ రోజున విడుదలవుతుంది, 14వ రోజుకి ఏమీ ఉండదు. యాప్ చెప్పింది కదా అంటారు. యాప్ చేసేది పాత తేదీల సగటు లెక్క మాత్రమే, ఈ నెల మీ అండాశయంలో ఏం జరుగుతోందో దానికి తెలియదు. ఒంటి ఉష్ణోగ్రత చూసుకునేవాళ్లు ఇంకో పొరపాటు చేస్తారు. వేడి పెరిగిందంటే అండం అప్పటికే విడుదలైపోయిందని అర్థం, ఆ రోజు మొదలుపెట్టి లాభం లేదు. అండం విడుదలకు ముందు పెరిగే హార్మోనును మూత్రంలో చూసే ఎల్‌హెచ్ కిట్ నయం. గీత వచ్చాక ఒకటి ఒకటిన్నర రోజుల్లో అండం విడుదలవుతుంది. అయినా కిట్ కోసం కాచుక్కూర్చోవడం కంటే, నెలసరి ఆగిన దగ్గర్నుంచి రెండు రోజులకోసారి కలవడం తేలిక. తేదీలు గుర్తుపెట్టుకునే పని ఉండదు.

వీర్యం "కూడబెట్టాలని" పది రోజులు దూరంగా ఉండేవాళ్లూ ఉన్నారు. అలా ఆగితే సంఖ్య పెరగొచ్చు గానీ, పాతబడిన కణాలు పెరిగి కదలిక తగ్గుతుంది. ఇంకో సంగతి మగవాళ్లు నోరు తెరిచి చెప్పరు, నేనే అడుగుతాను. "ఈ రాత్రే, తప్పనిసరి" అని చెబితే చాలామందికి ఆ రాత్రే కుదరదు. రెండు మూడు నెలలు అలా జరిగితే ఇద్దరికీ టెన్షన్. కిట్ గీత కనిపించగానే గొడవ మొదలయ్యే ఇళ్లున్నాయి. అలాంటివాళ్లని కిట్ పక్కన పెట్టేయమంటాను.

సరే, మన జంట దగ్గరికి వద్దాం. ఆయన ఎలాగో ఇంటి దగ్గరి పనికి మారారు. ఆరు నెలలు ఆగుదామన్నాను. ఎందుకు ఆరు? ఆవిడ వయసు, ఎంత కాలంగా ప్రయత్నిస్తున్నారు, ఇదివరకు ఎప్పుడైనా గర్భం వచ్చిందా, వీర్యకణాల కదలిక ఎంత, ఇలాంటివి కలిపి వచ్చే ఏడాదిలో సహజంగా గర్భం వచ్చే అవకాశాన్ని అంచనా వేసే లెక్క ఒకటి నెదర్లాండ్స్‌లో తయారు చేశారు. వీళ్లకది 30 నుంచి 40 శాతం మధ్య వచ్చింది. అలాంటి 253 జంటలతో అక్కడే చేసిన ఒక పరిశోధన 2006లో వచ్చింది. సగం మందికి వెంటనే మందులతో ఐయూఐ, మిగతా సగం మందికి ఆరు నెలలు ఏమీ చేయకుండా ఇంటికి పంపడం. ఆరు నెలల తర్వాత నిలబడి కొనసాగుతున్న గర్భాలు ఐయూఐ వాళ్లలో 23 శాతం, ఏమీ చేయని వాళ్లలో 27 శాతం.

(సభలో కలకలం)

అవును, చదివినప్పుడు నాకూ అలాగే అనిపించింది. ఆగమంటే డాక్టర్ పట్టించుకోవడం లేదని అనుకుంటారు. ఈ జంటల విషయంలో ఆగడానికీ లెక్క ఉంది.

ఇప్పుడు దీని పక్కన ఇంకో పరిశోధన పెడతాను. న్యూజిలాండ్‌లో జరిగింది, 2018లో వచ్చింది. 201 మంది స్త్రీలు. అదే మాదిరి ఐయూఐ, మాత్రలతో, మూడు సార్లు. ఇక్కడ ఐయూఐ చేయించుకున్నవాళ్లలో 31 శాతానికి బిడ్డ పుట్టింది. ఆగినవాళ్లలో 9 శాతానికే. ఒకచోట ఐయూఐ వల్ల ఏ లాభమూ లేదు, ఇంకోచోట మూడింతల లాభం. వైద్యం అదే కదా, మరి ఈ తేడా ఏమిటి?

తేడా అంతా జంటల్లో ఉంది. న్యూజిలాండ్ పరిశోధనలో తీసుకున్నది సహజ అవకాశం 30 శాతం కంటే తక్కువున్న జంటలను. ఏళ్ల తరబడి ప్రయత్నించి, తేలిగ్గా నిలిచేవాళ్లంతా నిలిచి వెళ్లిపోగా మిగిలినవాళ్లు. వాళ్లకి సహజంగా రావడం తక్కువ కాబట్టి వైద్యం చేసిన మేలు కనిపించింది. నెదర్లాండ్స్ జంటలకు ఎలాగూ వచ్చేది వచ్చేసింది, వైద్యం దాని పక్కన నిలబడి ఉంది. ఇవాళ్టి మాటల్లో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఈ రెండు పరిశోధనల పోలిక గుర్తుంచుకోండి. "ఐయూఐ సక్సెస్ రేటు ఎంత" అని ఎవరైనా చెబితే, అదే జంట ఏమీ చేయకుండా ఉంటే ఎంత వచ్చేది అని తిరిగి అడగండి. ఆ రెండో అంకె లేకుండా మొదటి అంకెకు అర్థం లేదు.

మన జంటకి ఆ ఆరు నెలల్లోనూ నిలవలేదు. ఈసారి రోజులన్నీ సరిగ్గా కుదిరాయి. దాంతో నా లెక్క మారింది. ఇప్పుడు బాగా కుదిరిన నెలలు 14. ఒక మెట్టు ఎక్కడం సబబే.

ఇక్కడ చాలామంది అడుగుతారు, ముందు మాత్రలు మాత్రం వేసుకుని ఇంట్లోనే చూద్దామా అని. అండం విడుదల కాని స్త్రీకి ఆ మాత్రలు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. నెలనెలా అండం విడుదలవుతున్న స్త్రీకి అవి ఒంటరిగా పనికొస్తాయని రుజువు లేదు. స్కాట్లాండ్‌లో 580 మందితో చూశారు, ఆ ఫలితాలు 2008లో వచ్చాయి. ఆరు నెలల్లో క్లోమిఫిన్ మాత్రలు వాడినవాళ్లలో 14 శాతానికి బిడ్డ పుడితే, ఊరికే ఉన్నవాళ్లలో 17 శాతం. మందులేని ఐయూఐ వాళ్లలో 23 శాతం, అది కూడా లెక్కించదగ్గ తేడా అని వాళ్లు తేల్చలేదు. అందుకే ఈ కోవ జంటలకు మాత్రలు, ఐయూఐ రెండూ కలిపితేనే నేను ఆ మెట్టు ఎక్కిస్తాను.

ఆవిడకి నెలసరి మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా లెట్రోజోల్ ఇచ్చాం. మామూలుగా నెలకి ఒక్క అండం తయారవుతుంది. ఈ మాత్రతో ఒకటి లేదా రెండు తయారవ్వాలని మా ఉద్దేశం. 12వ రోజు స్కాన్‌లో ఎడమ వైపు 19 మిల్లీమీటర్ల ఫాలికిల్, అంటే అండం పెరిగే తిత్తి, ఒకటి, కుడి వైపు 16 మిల్లీమీటర్లది ఒకటి. ఆ సాయంత్రం అండం విడుదలకు ట్రిగ్గర్ ఇంజెక్షన్, దాదాపు 36 గంటల తర్వాత ఐయూఐ. ఆయన ఇచ్చిన వీర్యాన్ని ల్యాబ్‌లో కడిగి, బాగా కదిలే కణాలను ఒక చిన్న చుక్కలోకి తెచ్చి, సన్నటి గొట్టంతో గర్భాశయంలోకి వదులుతాం. ఐదు నిమిషాల పని. స్పెక్యులమ్ పెట్టినప్పుడు కాస్త ఇబ్బంది, అంతే. మొదటిసారి నిలవలేదు.

రెండో నెల అదే మాత్ర, అదే మోతాదు. ఈసారి స్కాన్‌లో 14 మిల్లీమీటర్లు దాటిన ఫాలికిల్స్ నాలుగు కనిపించాయి. ఆ నెల ఆపేశాం. ట్రిగ్గర్ లేదు, ఐయూఐ లేదు. ఇంట్లో కూడా ఆ వారం దూరంగా ఉండమన్నాను. ఆవిడకి చాలా కోపం వచ్చింది. "నాలుగుంటే నాలుగు రెట్లు మంచిది కదా" అన్నారు. నాలుగూ నిలిస్తే ఏమవుతుందో వివరంగా చెప్పాల్సి వచ్చింది. ముగ్గురు, నలుగురు ఒకే కడుపులో ఉంటే నెలలు నిండకముందే పుడతారు, వాళ్లలో కొందరు దక్కకపోవచ్చు, తల్లికీ ప్రమాదమే.

మాత్రల బదులు అండాలు పెంచే ఇంజెక్షన్లు ఎందుకు వాడలేదని అడుగుతారు. అమెరికాలో 900 జంటలతో చేసిన పరిశోధన 2015లో వచ్చింది. ఇంజెక్షన్లతో ఐయూఐ చేస్తే 32 శాతానికి బిడ్డ పుట్టింది, క్లోమిఫిన్‌తో 23, లెట్రోజోల్‌తో 19. ఇక్కడిదాకా విని ఇంజెక్షనే మేలనుకుంటారు. కానీ ఇంజెక్షన్లతో నిలిచిన గర్భాల్లో దాదాపు మూడో వంతులో ఒకరికంటే ఎక్కువ మంది ఉన్నారు. మాత్రలతో అది పదో వంతు దగ్గరే. ఐవీఎఫ్‌లో ఎన్ని పిండాలు పెట్టాలో మన చేతిలో ఉంటుంది. ఐయూఐలో ఎన్ని అండాలు నిలుస్తాయో మన చేతిలో లేదు. అందుకే ఇంజెక్షన్ల దాకా వెళ్లాల్సి వస్తే నేను నేరుగా ఐవీఎఫ్ గురించే మాట్లాడతాను.

మూడో నెల మాత్ర మోతాదు తగ్గించాం. ఒకటే ఫాలికిల్. ఐయూఐ చేశాం. ఆ తర్వాత పదహారో రోజున రక్తపరీక్షలో గర్భం అని తేలింది. ఆవిడ స్వీట్లు తెచ్చి, "మీ ఐయూఐ వల్లే డాక్టర్" అన్నారు. నేను తీసుకుని తిన్నాను. (నవ్వులు) కానీ ఆ నెల ఇంట్లో ఉండి ఉన్నా నిలిచేదేమో. ఒక్క జంట విషయంలో ఆ సంగతి ఎవరూ తేల్చలేరు.

ఇక రెండో జంట. రిపోర్టులు మొదటి జంటవి జిరాక్స్ తీసినట్టే ఉంటాయి. తేదీల లెక్క అడిగాను, అందులో ఏ ఇబ్బందీ లేదు. తేడా ఒక్కటే, ఆవిడకి 38 ఏళ్లు. పద్నాలుగు నెలలుగా ప్రయత్నం. "చిన్న మెట్టుతో మొదలుపెడదాం, ఆరు ఐయూఐలు చేసి చూద్దాం" అన్నారు. ఎవరికైనా సహజంగా తోచే ఆలోచనే. నేను వద్దన్నాను.

మొదటి జంటకి ఆగడం వల్ల పోయేది పెద్దగా లేదు. 31 ఏళ్ల ఆవిడకి 32 వచ్చాయి, ఐవీఎఫ్ అవకాశం దాదాపు అలాగే ఉంటుంది. 38 నుంచి 39కి వెళ్లేటప్పుడు అలా కాదు. అండాల సంఖ్య తగ్గడం ఒక ఎత్తు, క్రోమోజోములు సరిగా లేని అండాల వాటా పెరుగుతూ పోవడం ఇంకో ఎత్తు. ఆరు ఐయూఐలంటే మధ్యలో ఆపిన నెలలతో కలిపి ఎనిమిది తొమ్మిది నెలలు పోతాయి. అందుకే మేం 35 దాటినవాళ్లని ఏడాది ఆగకుండా ఆరు నెలలకే పరీక్షలకు రమ్మంటాం, 40 దాటితే ఇంకా ముందే.

38 నుంచి 42 ఏళ్ల మధ్యవాళ్లతో అమెరికాలో చేసిన పరిశోధన 2014లో వచ్చింది. మొదటి రెండు చికిత్సలయ్యేసరికి నేరుగా ఐవీఎఫ్‌కి వెళ్లినవాళ్లలో 49 శాతానికి గర్భం వచ్చింది. ఐయూఐతో మొదలుపెట్టినవాళ్లలో మాత్రలతో 22, ఇంజెక్షన్లతో 17. ఐయూఐతో నిలవనివాళ్లు కూడా చివరికి ఐవీఎఫ్‌కి వచ్చారు, మధ్యలో నెలలు పోగొట్టుకుని. ఒక సంగతి దాచను: ఆ వయసులో నిలిచిన గర్భాలన్నీ బిడ్డ దాకా రావు. ఐవీఎఫ్ వాళ్లలోనే ఆ రెండు చికిత్సలకు బిడ్డ పుట్టింది 31 శాతానికి.

రెండో ఆవిడ ఒక వారం ఆలోచించుకుని ఐవీఎఫ్‌కి ఒప్పుకున్నారు. ఏడు అండాలు వచ్చాయి. వీర్యం బాగుంది కాబట్టి మామూలు పద్ధతిలోనే, పళ్లెంలో అండాలనూ వీర్యకణాలనూ కలిపి వదిలేశాం. మర్నాడు పొద్దున ల్యాబ్ నుంచి ఫోను. ఏడింటిలో ఒక్కటీ ఫలదీకరణ కాలేదు.

ఆ ఫోను తర్వాత ఆవిడకి చెప్పడం చాలా కష్టమైంది. కానీ ఆ రోజు మొదటిసారి మాకొక కారణం కనిపించింది. కణాలు అండం దాకా వెళ్లగలుగుతున్నాయి, లోపలికి వెళ్లలేకపోతున్నాయి. ఇది పద్నాలుగు నెలలూ అలాగే జరిగి ఉండాలి. ఆరు ఐయూఐలు చేసినా అదే జరిగి ఉండేది, మాకు తెలిసేది కూడా కాదు. ఐవీఎఫ్ చికిత్స మాత్రమే కాదు, మామూలు పరీక్షలకు అందని ఆ దశను కళ్లతో చూపించే పరీక్ష కూడా.

రెండోసారి ఇక్సీ చేశాం, అంటే ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని సూదితో పంపడం. ఆరు అండాల్లో నాలుగు ఫలదీకరణ అయ్యాయి, ఐదో రోజుకి రెండు పిండాలు మిగిలాయి. ఒకటి పెట్టాం, నిలవలేదు. ఫ్రీజ్ చేసిన రెండోది నిలిచింది.

ఇది విని అందరికీ మొదటే ఇక్సీ చేసేస్తే పోదా అనకండి. వీర్యం బాగున్న జంటలకు మామూలు ఐవీఎఫ్ కంటే ఇక్సీ వల్ల ఎక్కువ మంది బిడ్డలేమీ పుట్టలేదని వియత్నాంలో వెయ్యికి పైగా జంటలతో చేసిన పరిశోధన 2021లో చూపించింది. ఇలా ఒక్కటీ ఫలదీకరణ కాకపోవడం అరుదు. గర్భాశయం పొర గీకడం వంటి అదనపు పనులు కూడా జోడిస్తుంటారు. దానివల్ల లాభం లేదని పెద్ద పరిశోధనలోనే తేలింది. బిల్లులో కనిపిస్తే ఎందుకో అడగండి.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: మేడమ్, నాకు 29 ఏళ్లు. ఏఎంహెచ్ 0.9 వచ్చింది. ఇక ఆగకూడదని చెప్పారు.

జవాబు: ఎన్నాళ్లుగా ప్రయత్నిస్తున్నారమ్మా? ఐదు నెలలా? ఏఎంహెచ్ మీ దగ్గర ఎన్ని అండాలు మిగిలాయో కొంత చెబుతుంది. ఐవీఎఫ్ ఇంజెక్షన్లకు ఎన్ని అండాలు రావచ్చో అంచనా వేయడానికి పనికొస్తుంది. ఈ నెల సహజంగా నిలుస్తుందా లేదా అన్నది చెప్పదు. నెలకి కావాల్సింది ఒక్క అండమే. సంతానలేమి చరిత్ర లేని 30 నుంచి 44 ఏళ్ల స్త్రీలను గమనించిన పరిశోధనలో, ఏఎంహెచ్ తక్కువున్నవాళ్లకీ మామూలుగా ఉన్నవాళ్లకీ గర్భం వచ్చే అవకాశంలో తేడా కనిపించలేదు. అయితే మీరు మరీ చాలా ఏళ్లు వాయిదా వేసుకోవద్దు. ఏడాది దాకా మామూలుగానే ప్రయత్నించి అప్పుడు రండి.

ప్రశ్న: ఐయూఐ ఎన్నిసార్లు చేయించుకోవచ్చు? మాకు ఏడు అయ్యాయి.

జవాబు: ఏడా! నేనైతే మూడు, మహా అయితే నాలుగు దగ్గర ఆపుతాను. పనిచేసేవాళ్లలో ఎక్కువమందికి మొదటి మూడు నాలుగింటిలోనే పనిచేస్తుంది. ఏ మెట్టయినా ఎక్కే ముందే అది ఎక్కడ ఆపాలో ఫైలు మొదటి పేజీ మీద రాయించండి. మూడో ఐయూఐ నిలవని రోజు సాయంత్రం ఎవరికీ సరిగా ఆలోచన సాగదు, ఇంకొక్కటి చూద్దాం అంటారు. ఏడో దాకా వచ్చేది అలాగే.

ప్రశ్న (ఒక యువకుడు): మేడమ్, నాదీ ఆ మొదటి ఆయన లాంటి ఉద్యోగమే. వీర్యం ఫ్రీజ్ చేసి పెట్టి, నేను లేనప్పుడు ఐయూఐ చేయించుకోవచ్చా?

జవాబు: చేయించుకోవచ్చు. కాకపోతే ఫ్రీజ్ చేసి కరిగించాక కణాల్లో చాలా భాగం, సుమారు సగం, కదలిక కోల్పోతాయి. పైగా కరిగించిన కణాలు లోపల ఎక్కువ సేపు బతకవు, కాబట్టి టైమింగ్ ఇంకా కచ్చితంగా ఉండాలి. మీరు ఎన్నాళ్లుగా ప్రయత్నిస్తున్నారు?

యువకుడు: ఏడాదిన్నర.

జవాబు: ఏడాదిన్నరలో ఎన్ని నెలలు? ...చూశారా, మీరే ఆలోచనలో పడ్డారు. ఇంటికెళ్లి మీ డ్యూటీ చార్టు, మీ ఆవిడ నెలసరి తేదీలు ఒకే కాగితం మీద రాసుకుని, ఇద్దరూ కలిసి రండి. ఫ్రీజింగ్ సంగతి ఆ కాగితం చూశాక మాట్లాడుకుందాం.